అక్కగారూ, రండి

అమ్మా, మాది తిరుపతి. వచ్చే నెల ఒక ఆదివారం మా పెద్దమ్మాయి నిశ్చితార్థం. పదిన్నరకు తాంబూలాలు. మగపెళ్ళివాళ్ళు చిత్తూరు నుంచి నలభై మంది దాకా వస్తారు. అబ్బాయికి నాన్న లేరు, మూడేళ్ళ కిందట పోయినారు. సంబంధం మాట్లాడిందంతా అబ్బాయి పెదనాన్నే. తాంబూలాలు పుచ్చుకునేది కూడా పెదనాన్న దంపతులే. ఆడపిల్ల తండ్రిగా నువ్వే నాలుగు మాటలు చెప్పి వాళ్ళను ఆహ్వానించాలని మా తమ్ముడు పట్టుబడుతున్నాడు. నేను మెకానిక్‌గా పనిచేసి రిటైరైన మనిషిని, ఎప్పుడూ మైకు పట్టుకోలేదు. ఏం చెప్పాలి? ఎంతసేపు చెప్పాలి? మన యాసలో మాట్లాడితే తక్కువగా ఉంటుందా? వాళ్ళమ్మగారిని ముందు పిలిస్తే పెదనాన్న నొచ్చుకుంటారా? పోయినాయన మాట ఎత్తవచ్చా?
— ఒక ఆడపిల్ల తండ్రి, తిరుపతి

అన్నా, వాళ్ళమ్మగారినే ముందు పిలవండి. పెదనాన్నగారు నొచ్చుకోకుండా పిలిచే దారి మన వరసల్లోనే ఉంది.

మీ అమ్మాయికి ఆమె అత్త అవుతారు. మన లెక్కలో అత్త అంటే నాన్నకు తోబుట్టువు. అంటే మీకు ఆమె అక్క వరస. అబ్బాయి పెదనాన్న మీకు బావ, ఆయన భార్య మళ్ళీ అక్కే. అబ్బాయి మేనమామ వస్తే ఆయన మీకు అన్నో తమ్ముడో అవుతాడు. నాయనమ్మ ఉంటే ఆమె మీకు అత్త వరస. ఈ లెక్క ఒక్కటి మనసులో పెట్టుకుంటే ఎవరిని ఏమని పిలవాలో తడుముకునే పని ఉండదు.

ఇప్పుడు చూడండి. మైకు పట్టుకుని “శ్రీమతి ఫలానా గారికి, శ్రీ ఫలానా గారికి, శ్రీమతి ఫలానా గారికి స్వాగతం” అని పేర్లు చదివితే అది హోదాల జాబితా అయిపోతుంది. ఎవరి పేరు ముందు వచ్చింది, ఎవరిది వెనక పడింది అని వినేవాళ్ళు లెక్కపెట్టుకుంటారు. అదే “అక్కగారూ, బావగారూ” అన్నారనుకోండి, ఇంటికి వచ్చిన తోబుట్టువును ముందు పలకరించి, ఆ వెంటనే బావను పలకరించినట్టు ఉంటుంది. అక్కను ముందు పలకరించినందుకు ఏ ఇంట్లో ఏ బావా నొచ్చుకోడు. పేర్లు లగ్నపత్రికలో ఎట్లాగూ చదువుతారు. మీ నోటి నుంచి వరసలు వస్తే చాలు.

ఒక పొరపాటు మాత్రం జరగనివ్వకండి. చాలామంది మగవాళ్ళు వియ్యపురాలిని “వదినగారూ” అనేస్తారు. అది మీ ఇంటావిడ పిలవాల్సిన పిలుపు. మొగుడి అక్క ఆమెకు వదిన కదా. మీరు అంటే వరస తప్పుతుంది, పెద్దవాళ్ళు పైకి ఏమీ అనకపోయినా ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఆమె మీకంటే నాలుగేళ్ళు చిన్నవారైనా సభలో “అక్కగారూ” అనే అనండి. “చెల్లెమ్మా” అనే చనువు ఇంట్లో బాగుంటుంది, నలభై మంది ముందు అంత బాగుండదు. అబ్బాయిని తాంబూలాలు మారేదాకా “అబ్బాయి” అనండి. మారిన తర్వాత నిండుగా “అల్లుడుగారు” అనొచ్చు.

తాంబూలం దంపతుల చేతికి ఇవ్వడం మనవైపు ఆనవాయితీ. పెదనాన్న, పెద్దమ్మ పుచ్చుకోవాలని వాళ్ళింట్లో వాళ్ళు అనుకున్నారు కాబట్టి దాంట్లో మీరు వేలు పెట్టకండి. గోత్రం, ప్రవర, తాత తండ్రుల పేర్లు, లగ్నం, అదంతా పురోహితుడి పని. ఆ తంతులో ఆ తల్లికి ఏ చోటు ఇస్తారో మీ చేతిలో లేదు. కానీ స్వాగతం చెప్పే మాట పూర్తిగా మీది. దాన్ని ఏ శాస్త్రమూ పట్టి ఉంచలేదు. ఆమెకు దక్కాల్సిన గౌరవం ఆ మాటలో దక్కించవచ్చు.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. చాలా ఏళ్ళ కిందట ఈ ఊళ్ళోనే ఒక కళ్యాణ మండపంలో మా దగ్గరి బంధువుల అమ్మాయి నిశ్చితార్థం జరిగింది. గుమ్మం దగ్గర ముగ్గురు ఆడవాళ్ళం నిలబడ్డాం. ఒకరు పన్నీరు చల్లుతున్నారు, ఒకరు గంధం రాసి కలకండ ఇస్తున్నారు. కుంకుమ భరిణె నా చేతిలో ఉంది. మగపెళ్ళివాళ్ళు ఒక్కొక్కరే వస్తున్నారు. అబ్బాయి పెద్దమ్మకు బొట్టు పెట్టి తలెత్తితే, ఎదురుగా అబ్బాయి తల్లి. ఆమెకు భర్త లేడు. నా వేలు గాల్లోనే ఆగిపోయింది. ఏం చేయాలో తోచక, ఆమె వెనకున్న అమ్మాయికి బొట్టు పెట్టేశాను. ఆమె చిన్నగా నవ్వి, కొంగు భుజం మీదకు లాక్కుని పక్కకు జరిగింది. తర్వాత పిల్ల తండ్రి మైకులో పెదనాన్నను నాలుగుసార్లు “మా వియ్యంకుడుగారు, మా వియ్యంకుడుగారు” అన్నాడు. తల్లి మాట ఒక్కసారీ రాలేదు. ఆమె మూడో వరసలో స్తంభం పక్కన కూర్చుని ఉంది. గుమ్మం దగ్గర ఇచ్చిన కలకండ ముక్క నోట్లో వేసుకోలేదు, గుప్పిట్లోనే పెట్టుకుంది. తాంబూలాలు మారినాక చూస్తే అది కరిగి అరచేతికి అంటుకుపోయింది. కొంగుతో తుడుచుకుంటా ఉంది. ఆ తప్పు నాది. ఇప్పటికీ కలకండ పళ్ళెం చూస్తే ఆ చెయ్యి గుర్తొస్తుంది.

అందుకని మీ మాట కంటే ముందు గుమ్మం సంగతి చూసుకోవాలి. గుమ్మం దగ్గర జరిగిన లోటును మైకులో ఎంత మంచిమాటా పూడ్చలేదు. నిశ్చితార్థానికి పిలవడానికి మీరిద్దరూ చిత్తూరు వెళ్తారు కదా. అప్పుడు మీ ఇంటావిడ వంటింట్లోనో వెనక వసారాలోనో ఆమె ఒక్కరే ఉన్నప్పుడు అడగాలి. “వదినా, ఆరోజు గుమ్మం దగ్గర మీకు ఎట్ల ఇష్టమో చెప్పండి, అట్లే చేస్తాం” అంటే చాలు. కొందరు బొట్టు పెట్టించుకుంటామంటారు, కొందరు గంధం చాలంటారు, కొందరు ఏమీ వద్దు, నేరుగా లోపలికి వచ్చేస్తానంటారు. ఆమె ఏమంటే అదే. మనం గొప్పమనసు చూపిస్తున్నామనుకుని నలుగురిలో బలవంతంగా బొట్టు పెట్టడం కూడా ఆమెను ఇబ్బందిలో పడేయడమే.

ఇంకో చిన్న ఉపాయం ఉంది. కుంకుమను ఎవరూ ఎవరికీ పెట్టకుండా, పువ్వులతోపాటు పళ్ళెంలో పెట్టి అందరి ముందుకూ చాపండి. కావలసినవాళ్ళు వాళ్ళే తీసుకుంటారు. పన్నీరు, గంధం, కలకండ మగా ఆడా తేడా లేకుండా వచ్చినవాళ్ళందరికీ ఇచ్చేవే. ఇట్ల చేస్తే ఒకరి దగ్గర ఆగిపోయే వేలు ఉండదు. గుమ్మంలో నిలబడే ఆడవాళ్ళకు ఈ సంగతి ముందురోజే చెప్పిపెట్టాలి. ఆ పొద్దున హడావిడిలో చెబితే ఒకరికి వినపడుతుంది, ఇద్దరికి వినపడదు.

గుమ్మంలో మీరు ఉపన్యాసం ఏమీ చెప్పక్కర్లేదు. “రండి అక్కగారూ, రండి బావగారూ, ప్రయాణం బాగా జరిగిందా” అంటూ రెండు చేతులూ జోడిస్తే సరి. చిత్తూరువాళ్ళకు వేలూరు, గుడియాత్తం వైపు చుట్టాలు ఉండడం మామూలే. తమిళం మాట్లాడే పెద్దవాళ్ళు కనిపిస్తే “వాంగమ్మా, వాంగయ్యా” అని ఒక్క మాట అనండి, వాళ్ళ మొహం విప్పారుతుంది.

ఇక మైకులో మాట ఎప్పుడు పడాలి? వాళ్ళు వచ్చి కూర్చుని, నీళ్ళు తాగి, టిఫినో కాఫీయో ముగించి, పెద్దవాళ్ళు ఎదురెదురుగా కుదురుకున్న తర్వాత. పురోహితుడు పసుపు వినాయకుణ్ణి చేసి పూజ మొదలుపెట్టక ముందు. ఆ మధ్యలో నాలుగైదు నిమిషాల ఖాళీ ఉంటుంది, అదే మీ చోటు. పూజ మొదలైతే ఆపకూడదు. తాంబూలాలు మారినాక చెబుదామంటే ఎవరూ వినరు. అమ్మాయిని తీసుకురావడం, చీర పెట్టడం, ఫోటోలు, ఆ సందడిలో మీ గొంతు కలిసిపోతుంది. కాబట్టి పురోహితుడికి ముందే “అయ్యా, మీరు మొదలుపెట్టే ముందు రెండు నిమిషాలు నాకివ్వండి” అని చెప్పండి. మేళంవాళ్ళకు కూడా మీ తమ్ముడు చేత్తో సైగ చేస్తే ఆపాలని చెప్పి ఉంచండి. డోలు మోగుతుండగా గొంతు పెంచి అరవాల్సి వస్తే, చెప్పే మాటలో ఉన్న మెత్తదనమంతా పోతుంది.

వేదిక ఎక్కి, కింద కూర్చున్నవాళ్ళకు చెప్పకండి. వాళ్ళు ఏ నేల మీద ఉంటే మీరూ ఆ నేల మీదే, వాళ్ళకు ఎదురుగా, పక్కన మీ ఇంటావిడతో నిలబడండి. వాళ్ళమ్మగారి కుర్చీ మొదటి వరసలో పెద్దమ్మగారి పక్కనే ఉండేట్టు చూసుకోండి. “నేను వెనక కూర్చుంటాలే” అని ఆమె అంటారు, దాదాపుగా అందరూ అంటారు. అందుకే ఆమెను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టే పని మీ చెల్లెలికో మరదలికో అప్పజెప్పండి. మీరు “అక్కగారూ” అన్నప్పుడు ఆమె మీ ఎదురుగా ఉండాలి. మూడో వరసలో తల వంచుకుని కూర్చున్న మనిషిని మైకులో పిలిస్తే, అందరూ వెనక్కి తిరిగి ఆమెనే చూస్తారు. ఆమె ఇంకా ముడుచుకుపోతారు.

ఎంతసేపంటే, నిమిషంన్నర. నింపాదిగా, వాక్యానికీ వాక్యానికీ మధ్య ఊపిరి తీసుకుంటూ చెబితే నిమిషానికి డెబ్భై, ఎనభై మాటలు వస్తాయి. కాబట్టి నూట ఇరవై మాటలు దాటకుండా రాసుకోండి. అవి కూడా మీరు రోజూ మాట్లాడే మాటలే కావాలి. “వేదికనలంకరించిన పెద్దలకు”, “ఈ శుభతరుణాన విచ్చేసిన ఆహూతులకు” అనేవి మీటింగుల భాష. అవి మీ నోట తడబడతాయి, వాళ్ళకూ దూరంగా వినిపిస్తాయి. మీరు “వచ్చినారు” అంటారు కదా, అట్లే అనండి. వచ్చేది చిత్తూరువాళ్ళు, వాళ్ళింట్లోనూ అదే మాట. మీ ఇంటి భాష వాళ్ళ ఇంటి భాష ఒకటేనని వాళ్ళకు తెలిసే మొదటి ఘడియ అది.

ఏం వదిలేయాలో కూడా చెబుతాను. అమ్మాయి చదువు, ఉద్యోగం, జీతం వద్దు. అవి వాళ్ళకు తెలిసే వచ్చారు. “మా స్థోమతకు తగ్గట్టు ఏదో చేశాం, తప్పులుంటే మన్నించండి” అనేది అలవాటుగా వచ్చేస్తుంది, దాన్ని పట్టి ఆపండి. ఇంకా ఆకు కూడా వేయకముందే తప్పులు ఎక్కడున్నాయో వెతుక్కోమని చెప్పినట్టవుతుంది. “మా బిడ్డను మీ చేతుల్లో పెడుతున్నాం” అనే మాట పెళ్ళిలో అప్పగింతలప్పటిది. నిశ్చితార్థంలో అంటే, అక్కడే మీ ఇంటావిడా అమ్మాయీ ఏడుపు మొదలుపెడతారు, ఆరోజుకు ఆ ఏడుపు ఎందుకు? ఇచ్చిపుచ్చుకోవడాల మాట మీరే కాదు, మీవైపు ఏ పెద్దమనిషీ మైకులో ఎత్తకుండా చూడాలి. 1961లోనే వరకట్నాన్ని నేరం చేశారు. చట్టం సంగతి అట్లుంచితే, పిల్లను కూర్చోబెట్టి లెక్కలు చదివితే ఆ పిల్ల మనసు ఎట్లుంటుంది? ఊళ్ళో పెద్దలు, మీ యూనియన్ నాయకులు వచ్చి ఉంటే వాళ్ళ పేర్లు మీరు చదవకండి. ఆ నిమిషంన్నర మగపెళ్ళివాళ్ళది. మిగతావాళ్ళను మీ తమ్ముడు దగ్గరికి వెళ్ళి పలకరిస్తాడు.

పోయినాయన మాట ఎత్తండి. ఎత్తకపోతే అది అందరి మనసుల్లోనూ ఉండి, ఎవరి నోటా రాక బరువుగా మిగిలిపోతుంది. కానీ ఒకే వాక్యం, అదీ నడి మధ్యలో. మొదట్లో చెబితే సభంతా దుఃఖంతో మొదలవుతుంది. చివర్లో చెబితే ఆ దుఃఖంతోనే పూజకు కూర్చోవాలి. “ఆయన లేని లోటు తీరనిది”, “ఆయన ఉండి ఉంటే ఈరోజు ఎంత సంతోషించేవారో” అనేవి రెండూ వద్దు. మొదటిది ఆమెకు లేనిదాన్ని వేలెత్తి చూపిస్తుంది. రెండోది ఆమె కళ్ళ ముందు ఆయన బొమ్మ కట్టిస్తుంది, ఆ తర్వాత ఆమె ఏ మాటా వినలేరు. ఆయన మిగిల్చి వెళ్ళినదాన్ని గురించి చెప్పండి. ఆ మిగిల్చింది ఎదురుగా కూర్చునే ఉన్నాడు, పట్టుపంచె కట్టుకుని.

ఆ వాక్యం చెప్పేముందు పెదనాన్నగారికి ఫోన్ చేసి, “బావగారూ, తమ్ముడుగారి మాట ఒకటి చెప్పాలనుకుంటున్నాను, మీకూ అక్కగారికీ సమ్మతమేనా” అని అడగండి. ఈ ఫోనుతో రెండు పనులవుతాయి. ఒకటి, ఆమె మనసు సిద్ధంగా ఉంటుంది. రెండు, పెద్దరికం తనదేనని ఆయనకు మీరు ముందే ఒప్పుకున్నట్టవుతుంది, ఆరోజు అక్కగారిని ముందు పిలిచినా ఆయనకు ఏమీ అనిపించదు. వద్దంటే ఆ వాక్యం తీసేయండి. మిగతా మాటకు ఏ లోటూ రాదు.

అట్లాగే లగ్నపత్రికలో ఆయన పేరు కీర్తిశేషులు అని చేర్చి చదువుతారు. ఊళ్ళో పిలిచే పేరు ఒకటి, కాగితాల్లో పేరు ఇంకొకటి ఉండడం మనవాళ్ళలో మామూలే. ఇంటిపేరుతో సహా వాళ్ళు చెప్పినట్టే తెలుగులో రాయించుకుని ముందురోజే పురోహితుడి చేతికి ఇవ్వండి. మీ మాటలో ఎంత ఆప్యాయత ఉన్నా, పత్రికలో ఆ పేరు తప్పు చదివితే ఆ తల్లికి అదే గుర్తుండిపోతుంది.

మీకోసం ఒకటి రాశాను. మీ గొంతులో ఎట్ల పలుకుతుందో ఊహించుకునే రాశాను.

“అందరికీ నమస్కారం. అక్కగారూ, బావగారూ, మీరూ మీ ఇంటి పెద్దలూ పిల్లలూ పొద్దున్నే బయలుదేరి చిత్తూరు నుంచి ఇంత దూరం వచ్చినారు. మా దంపతులం మీ అందరికీ రెండు చేతులా నమస్కారం పెట్టి ఆహ్వానిస్తున్నాం.

అక్కగారూ, మీరు మా ఇంటికి మొదటిసారి వచ్చినరోజు మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని ‘తిన్నావా అమ్మా’ అని అడిగినారు. ఆ మాట మేము ఇంకా చెప్పుకుంటా ఉన్నాం.

బావగారూ, తమ్ముడి బిడ్డకు అన్నీ మీరై ఈ సంబంధాన్ని ఇంతదాకా నడిపించినారు. మీ పెద్దరికానికి మా నమస్కారం.

అబ్బాయి నాన్నగారిని నేను చూడలేదు. అక్కగారూ, ఆయనా మీరూ పెంచిన బిడ్డను చూసినాను. ఆయన ఆశీర్వాదం ఈ పిల్లలిద్దరికీ ఉంటుంది.

వెంకటేశ్వరస్వామి దయతో, తిరుచానూరు అమ్మవారి దయతో, మీ అందరి ఎదుట తాంబూలాలు మార్చుకుందాం. కార్యం అయినాక అందరూ నిదానంగా భోజనం చేసి పోవాలని మనవి. అయ్యవారూ, మొదలుపెట్టండి.”

ఇందులో “తిన్నావా అమ్మా” అనేది నేను పెట్టిన మాట. దాన్ని తీసేసి మీ ఇంట్లో నిజంగా జరిగింది పెట్టాలి. పెళ్ళిచూపుల రోజు ఆమె ఏమన్నారు, ఏం చేశారు అని రాత్రి భోజనాల దగ్గర మీ ఇంటావిడనూ అమ్మాయినీ అడగండి. మగవాళ్ళం గమనించనివి వాళ్ళు గమనించి ఉంటారు అని మా నాన్న అనేవాడు, అది నిజం. వంటింట్లోకి వచ్చి కాఫీ గ్లాసులు అందుకున్నారేమో. మీ అమ్మగారి కాళ్ళకు దండం పెట్టారేమో. వెళ్ళేటప్పుడు గుమ్మంలో తిరిగి చూసి అమ్మాయికి చెయ్యి ఊపారేమో. ఎంత చిన్నదైనా పర్వాలేదు, కళ్ళారా చూసిందై ఉండాలి. “ఆమెది గొప్ప మనసు” అని ఎవరి గురించైనా ఎవరైనా అంటారు. “కాఫీ గ్లాసులు మీరే అందుకున్నారు” అని ఆమె గురించి మీరొక్కరే అనగలరు. రాసుకున్నాక ఆ వాక్యాన్ని అమ్మాయికి వినిపించండి. తన గురించి నలుగురిలో చెప్పడానికి తను సిగ్గుపడితే వేరేది వెతకండి.

పెదనాన్నగారి వాక్యంలో “అన్నీ మీరై” అన్నాను, “తండ్రి స్థానంలో ఉండి” అనలేదు. రెండోది వినడానికి బాగానే ఉంటుంది గానీ, తండ్రి పెంచిన కొడుకు ముందు, ఆయన భార్య ముందు ఆ స్థానాన్ని ఇంకొకరికి ఇచ్చే అధికారం మనకు లేదు.

ఆయన ఆశీర్వాదం గురించి చెప్పిన వెంటనే ఆగకుండా స్వామి మాటలోకి వెళ్ళిపోండి. మిగతా అన్ని చోట్లా ఊపిరి తీసుకోండి, అక్కడ మాత్రం వద్దు. అక్కడ ఆగితే ఆ నిశ్శబ్దంలో ఆమెకు కన్నీళ్ళొస్తాయి, మీకూ గొంతు పూడుకుపోతుంది. ఒకవేళ మీ గొంతే పట్టుకుపోతే మాట వెతుక్కోకండి. మైకు కిందికి దించి, ఇద్దరూ చేతులు జోడించండి. ఆ నమస్కారంతో మీ మాట ముగిసినట్టే, అయ్యవారు పూజ మొదలుపెడతారు.

దారి గంటన్నర, రెండు గంటలే అయినా, నలభై మందిని ఎక్కించుకుని బయలుదేరే బండి చెప్పిన టైముకు రాదు. పదిన్నరకు తాంబూలాలంటే వాళ్ళు పది దాటి దిగినా ఆశ్చర్యపోకండి. అప్పుడు ఈ కాగితమంతా చదవాలని పట్టుబట్టకండి. వాళ్ళను కాఫీ కూడా తాగనివ్వకుండా మాట్లాడటం ఆహ్వానం కాదు. మూడు వాక్యాలు చాలు: “అక్కగారూ, బావగారూ, ఇంత దూరం వచ్చినందుకు మీ అందరికీ మా నమస్కారం. అబ్బాయి నాన్నగారి ఆశీర్వాదంతో, స్వామి దయతో తాంబూలాలు మార్చుకుందాం. అయ్యవారూ, మొదలుపెట్టండి.” అక్కగారి గురించి రాసుకున్న ఆ వాక్యం మాత్రం పారేయకండి. భోజనాల దగ్గర ఆమె ఆకు ముందు నిలబడి, మైకు లేకుండా, ఆమెకు వినపడేట్టు చెప్పండి.

కాగితం మడతలు పడితే చేతిలో వణుకుతుంది. ఏదైనా పాత శుభలేఖ అట్ట తీసుకుని, దాని వెనక పెద్ద అక్షరాలతో ఒక్కో వాక్యం ఒక్కో వరసలో రాసుకోండి. కళ్ళజోడుతో పాటు చొక్కా జేబులో పెట్టుకోండి. ముందురోజు రాత్రి మీ ఇంటావిడను కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా నిలబడి రెండుసార్లు పైకి చదవండి. నిలబడి చదివితేనే ఏ మాట దగ్గర నాలుక మడత పడుతుందో తెలుస్తుంది. అక్కడ మాట మార్చేయండి. మైకు గడ్డానికి నాలుగు వేళ్ళ దూరంలో ఉండాలి. “హలో, హలో” అంటూ దాన్ని తట్టే పని మీ తమ్ముడు ముందే చేసి పెడితే, మీ నోట వచ్చే మొదటి మాట నమస్కారమే అవుతుంది.

చెప్పడం అయ్యాక అట్ట జేబులో పెట్టుకుని, మైకు తమ్ముడికిచ్చి, మీ చోటికి వెళ్ళి కూర్చునే ముందు ఇద్దరూ నాలుగడుగులు ముందుకు వేయండి. మీరు పెదనాన్నగారి దగ్గరికి వెళ్ళి ఆయన చేతులు పట్టుకోండి. మీ ఇంటావిడ వాళ్ళమ్మగారి పక్కన కూర్చుని, పూజ అయ్యేదాకా అక్కడే ఉండొచ్చేమో అయ్యవారిని అడగండి. తాంబూలం ఇచ్చే వేళకు ఆమె లేచి మీ పక్కకు వస్తే సరిపోతుంది.